ఎంబసీ ఆఫీసరు విమానం ఎక్కితే కేసు కూడా ఎక్కిపోతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అక్క రెండేళ్లు ఢిల్లీలో ఒక విదేశీ ఎంబసీ ఆఫీసర్ ఇంట్లో వంట పని, పిల్లల పని చేసింది. ఏడు నెలల జీతం ఇవ్వలేదు. చివరి రెండు నెలలు గేటు దాటనివ్వలేదు, కొట్టారు కూడా. పోయిన వారం ఎట్లనో బయటపడి మా పెద్దనాన్న కొడుకు రూముకు చేరింది. పోలీసులేమో ఆయనకు ఇమ్యూనిటీ ఉంది, ముట్టుకోలేం అన్నారు. వచ్చే నెల ఆయనకు బదిలీ అంట. వెళ్లిపోతే కేసు పోయినట్టేనా? ఎక్స్‌ట్రడిషన్ చేసి వెనక్కి తెప్పించొచ్చా?

జవాబు:

తమ్ముడూ, పోలీసులు చెప్పింది ఈ రోజుకు నిజం కావచ్చు. వచ్చే నెల తర్వాత కూడా అదే నిజమని మాత్రం అనుకోకండి. మీ కేసులో విచిత్రం ఏమిటంటే, ఆయన దేశం వదిలిన రోజునే ఆ ఇమ్యూనిటీ, అంటే ఇక్కడి కేసుల నుంచి ఆయనకున్న రక్షణ, చాలావరకు తొలగిపోతుంది. కాకపోతే ఆ రోజునే మనిషి కూడా మన చేతికి అందకుండా పోతాడు. కాబట్టి ఈ నెలలో ఏం చేసి పెట్టుకోవాలి, ఆయన వెళ్లాక ఏం చేయాలి అనేవి వేరువేరు పనులు. ఒకదాని బదులు ఇంకొకటి చేస్తే రెండూ చెడతాయి.

నేను నల్లగొండలో ప్రాక్టీసు చేస్తున్నాను. అంతకుముందు కొన్నేళ్లు ఢిల్లీలో ఒక సీనియర్ దగ్గర పనిచేశాను. అప్పుడు దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒకాయన, ఎంబసీ ఆఫీసరు ఇంట్లో వంటమనిషి, ఇలాంటి గోడుతోనే మా దగ్గరికి వచ్చాడు. నేను హుషారుగా లీగల్ నోటీసు రాసి రిజిస్టర్డ్ పోస్టులో నేరుగా ఆ ఎంబసీ గేటుకు పంపాను. కవరు అట్లాగే తిరిగొచ్చింది. జీతం కోసం దావా వేస్తే, కేంద్ర ప్రభుత్వ అనుమతి ఏదని కోర్టు కాగితాలు వాపసు చేసింది. మా సీనియర్ ఒకటే ప్రశ్న అడిగారు, "అసలు ఆయన అక్కడ ఏ హోదాలో ఉన్నాడో కనుక్కున్నావా?" అని. నేను కనుక్కోలేదు. మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

'ఎంబసీ ఆఫీసర్' అని మనం అనేస్తాం గానీ చట్టానికి అది ఒక మనిషి కాదు. 1961 నాటి వియన్నా ఒప్పందం, దాన్ని మన దగ్గర అమలు చేసే 1972 చట్టం ఎంబసీ మనుషుల్ని మెట్లుమెట్లుగా చూస్తాయి. పై మెట్టు రాయబారి, ఆయన కింద ఉండే సెక్రటరీలు, అటాషేల వంటి దౌత్యవేత్తలు. వీళ్లను అరెస్టు చేయకూడదు, ఇంట్లోకి పోలీసులు అడుగుపెట్టకూడదు, ఏ క్రిమినల్ కేసూ నడవదు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప సివిల్ కేసు కూడా నడవదు. ఆ కింద మెట్టు ఆఫీసు, సాంకేతిక సిబ్బంది. వీళ్లకు క్రిమినల్ కేసుల నుంచి పూర్తి రక్షణ ఉంటుంది గానీ, సివిల్ కేసుల్లో మాత్రం డ్యూటీలో భాగంగా చేసిన పనులకే. ఇంటి పనిమనిషికి జీతం ఎగ్గొట్టడం ఏ ఎంబసీలోనూ డ్యూటీ కాదు. ఇంకా కింద డ్రైవర్లు, గార్డుల వంటి సేవా సిబ్బందికి డ్యూటీ పనికి తప్ప ఏ రక్షణా లేదు. అంటే ఆయన అకౌంట్స్ క్లర్కు అయితే జీతం దావా ఈ రోజే వేయొచ్చు, సెకండ్ సెక్రటరీ అయితే వేయలేం. కొట్టిన కేసులో మాత్రం ఇద్దరూ ఈ రోజు దొరకరు.

కాన్సులేట్ ఉద్యోగి అయితే కథ వేరే. వాళ్లకు 1963 నాటి ఇంకో ఒప్పందం వర్తిస్తుంది. వాళ్ల రక్షణ డ్యూటీ పనులకే పరిమితం. ఘోరమైన నేరం అయితే కోర్టు ఆర్డరుతో అరెస్టు కూడా చేయొచ్చు.

హోదా ఎలా తెలుస్తుంది? మీ అక్కకు ఆ ఇంటి కారు గుర్తుండే ఉంటుంది. నీలం నంబర్ ప్లేటు మీద తెల్ల అక్షరాలు, మొదట ఆ దేశపు కోడ్ నంబరు, తర్వాత CD అని ఉంటే ఎంబసీ వాళ్లది. CC అంటే కాన్సులేట్. UN అంటే ఐక్యరాజ్యసమితి వాళ్లది, వాళ్లకు మళ్లీ వేరే చట్టం. ఫోన్‌లో పిల్లల ఫోటోల వెనకాల ఎక్కడో కారు కనబడుతుంది, వెతకమనండి. అయితే ప్లేటు ఒక ఆనవాలు మాత్రమే. అసలు మాట విదేశాంగ శాఖది. ఎవరు ఏ హోదాలో వచ్చారో ఆ దేశం మన విదేశాంగ శాఖకు తెలియజేస్తుంది, అక్కడి ప్రోటోకాల్ విభాగం గుర్తింపు కార్డు ఇస్తుంది. రేపు కోర్టులో తగాదా వస్తే విదేశాంగ శాఖ ఇచ్చే సర్టిఫికెట్టే తిరుగులేని రుజువు. స్టేషన్‌లో ఎస్సై "ఇమ్యూనిటీ ఉంది" అన్నది ఆ సర్టిఫికెట్ చూసి అన్నారా, లేక ఆ ఇంటి వాళ్లు చూపిన పాస్‌పోర్టు చూసి అన్నారా అనేది అడగండి. డిప్లొమాటిక్ పాస్‌పోర్టు ఒక్కటే ఎవరికీ రక్షణ ఇవ్వదు. 2024లో కర్ణాటక ఎంపీ ఒకరు అలాంటి పాస్‌పోర్టుతోనే జర్మనీ వెళ్లారు. తిరిగొచ్చిన రోజు బెంగళూరు ఎయిర్‌పోర్టులోనే అరెస్టయ్యారు. ఆయన ఏ దేశంలోనూ మన రాయబార సిబ్బంది కాదు కదా.

ఇంకో మాట. ఆయన భార్యా పిల్లలకు కూడా ఆయనతో సమానంగా రక్షణ ఉంటుంది, భారత పౌరులు కాకపోతేనే. కొట్టింది ఆమె అయి, ఆమె భారతీయురాలు అయితే ఆమెను ఆ రక్షణ కాపాడదు. మీ అక్కను ఆ ఇంట్లో పెట్టిన ఏజెంటు ఉన్నాడు కదా, కమీషన్ తీసుకున్నవాడు, వాడికైతే ఏ ఇమ్యూనిటీ లేదు. ఈ కేసుల్లో అందరి చూపూ నీలం ప్లేటు మీదే ఉంటుంది, బ్రోకరు మెల్లగా జారుకుంటాడు.

ఇప్పుడు ఆయన పూర్తిస్థాయి దౌత్యవేత్తే అనుకుందాం. ఆయన వెళ్లిపోతే ఏమవుతుందో అర్థం కావాలంటే, అటు ఇటు తిరగేసిన మన సొంత కేసు ఒకటి ఉంది. అందులో పనిమనిషీ మనవాళ్లే, ఆఫీసరూ మనవాళ్లే.

2013 డిసెంబర్ 12న న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. ఇండియా నుంచి తీసుకెళ్లిన పనిమనిషి వీసా కాగితాల్లో గంటకు 9.75 డాలర్లు ఇస్తామని రాసి, నిజానికి చాలా తక్కువ ఇచ్చారన్నది ఆరోపణ. కోపంతో మన ప్రభుత్వం ఢిల్లీలో అమెరికన్ ఎంబసీ ముందున్న బారికేడ్లు తీయించింది, అది చాలామందికి గుర్తుండి ఉంటుంది. అమెరికా వాదన ఏమిటంటే, ఆమె కాన్సులేట్ అధికారి, డ్యూటీ పనులకే రక్షణ, ఇంటి పనిమనిషి జీతం డ్యూటీ కాదు అని. ఇది తీసిపారేసే వాదన కాదు, పైన నేను చెప్పిన 1963 ఒప్పందం అదే అంటుంది. అప్పుడు ఇండియా ఆమెను ఐక్యరాజ్యసమితిలోని మన శాశ్వత మిషన్‌కు బదిలీ చేసింది. 2014 జనవరి 8న అమెరికా ఆ హోదాను గుర్తించింది, దాంతో ఆమెకు పూర్తి దౌత్య రక్షణ వచ్చింది. రక్షణ వదులుకోమని ఇండియాను అడిగారు, ఇండియా ఒప్పుకోలేదు. జనవరి 9న గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపడానికి తగిన ఆధారాలున్నాయా అని తేల్చే పౌరుల బృందం, అభియోగం మోపింది. అదే రోజు ఆమె అమెరికా వదిలి వచ్చేశారు.

ఇక్కడి నుంచి మీకు పనికొచ్చే భాగం. మార్చి 12న అక్కడి జడ్జి ఆ అభియోగాన్ని కొట్టేశారు. ఆమె తప్పు చేయలేదని కాదు, అరెస్టు నాటికి రక్షణ ఉందనీ కాదు. అభియోగం మోపిన జనవరి 9 నాడు ఆమెకు పూర్తి రక్షణ ఉంది, కాబట్టి ఆ రోజు మొదలుపెట్టిన కేసు చెల్లదు అని. అయితే ఆ రక్షణ ఇప్పుడు లేదు కాబట్టి మళ్లీ మోపుకోవచ్చని కూడా అన్నారు. రెండు రోజుల తర్వాత, మార్చి 14న, అవే ఆరోపణలతో కొత్త అభియోగం వచ్చింది. ఒకే మనిషి, ఒకే పని, ఒకే కాగితాలు. తేదీ మారితే ఫలితం మారింది. కొత్త అభియోగం వచ్చేనాటికి ఆమె ఇండియాలో ఉన్నారు. అమెరికా కోర్టు వారంట్ అమెరికా నేల మీదే పనిచేస్తుంది కదా. మీ కేసు వచ్చే నెల ఆగబోయేది కూడా సరిగ్గా అక్కడే.

వియన్నా ఒప్పందంలో దీనికి సూత్రం 39వ అధికరణం. పదవి ముగిసి దేశం వదలగానే, లేదా వదలడానికి ఇచ్చే సమంజసమైన గడువు దాటగానే, రక్షణ ముగుస్తుంది. అధికారికంగా చేసిన పనులకు మాత్రం ఎప్పటికీ మిగిలే ఉంటుంది. ఇంట్లో వంటమనిషిని పెట్టుకోవడం అధికారిక పనేనా అన్న ప్రశ్న 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కాదు, అది ఆయన సొంత సౌకర్యం, పదవి దిగిపోయిన ఆయన మీద కేసు నడవొచ్చు అని కోర్టు తేల్చింది. 2022లో అదే కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కేసులో పనిమనిషిని చెత్త పారేయడానికి తప్ప బయటికి పంపలేదని, జీతం ఇవ్వలేదని ఆరోపణ. అవి నిజమే అయితే, మనిషిని బానిసలా వాడుకుని లాభపడటం ఒక రకం వ్యాపారమేనని, పదవిలో ఉన్న దౌత్యవేత్త మీద కూడా సివిల్ దావా నడుస్తుందని మెజారిటీ జడ్జిలు అన్నారు. సొంత వ్యాపారానికి రక్షణ లేదని ఒప్పందంలోనే ఉంది, దాన్ని ఇక్కడికి తెచ్చారు. ఇద్దరు జడ్జిలు ఒప్పుకోలేదు. మామూలు జీతం ఎగవేత అయితే ఈ దారి తెరుచుకోదు, అక్కను గేటు దాటనివ్వని ఆ రెండు నెలలే ఇక్కడ బలం. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండాల్సిన పని లేదు, కానీ మన వకీలు చూపించొచ్చు. నేనైతే చూపిస్తాను.

కాబట్టి ఈ నెలలో అరెస్టు కోసం స్టేషన్ చుట్టూ తిరగకండి. ఎఫ్ఐఆర్ కోసం తిరగండి. ఇమ్యూనిటీ ఉన్న మనిషిని పట్టుకోవడం, ఆయనకు సమన్లు ఇవ్వడం, ఆయన ఇల్లు వెతకడం కుదరదు. కానీ ఫిర్యాదు రాసుకోవడం, మీ అక్క వాంగ్మూలం తీసుకోవడం, డాక్టరు పరీక్ష చేయించడం, పక్కింటి వాచ్‌మన్‌ను అడగడం, వీటిలో ఏదీ ఆయన్ని తాకదు. 2015లో గురుగ్రామ్‌లో ఒక విదేశీ దౌత్యవేత్త ఇంట్లో ఇద్దరు నేపాలీ మహిళల మీద జరిగిన దారుణం గురించి ఫిర్యాదు వస్తే పోలీసులు కేసు కట్టారు. వాళ్లు ఇంట్లోకి వెళ్లారని ఆ ఎంబసీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆయన ఇమ్యూనిటీతోనే దేశం విడిచి వెళ్లిపోయారు. ఆయన్ని ఆపలేకపోయినా అక్కడ కేసు కాగితం మీదికైతే ఎక్కింది. ఢిల్లీలో రాసుకోకపోతే మిర్యాలగూడలోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, అది ఢిల్లీకి బదిలీ అవుతుంది. చార్జిషీట్, కోర్టు కేసును చేపట్టడం మాత్రం ఆయన వెళ్లి కొంత గడువు దాటాకే జరగాలని దర్యాప్తు అధికారికి మీ వకీలు రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ఆ మార్చి 12 కథే మనకూ అవుతుంది.

ఫిర్యాదులో ఏం రాస్తున్నారో చాలా జాగ్రత్త. స్టేషన్ రైటర్లు అలవాటుగా "కొట్టారు, తిట్టారు, జీతం ఇవ్వలేదు" అని నాలుగు లైన్లలో ముగిస్తారు. మామూలుగా కొట్టినందుకు భారతీయ న్యాయ సంహితలో ఏడాది వరకే శిక్ష, అది పోలీసులు సొంతంగా దర్యాప్తు చేసే నేరం కూడా కాదు. అదే మనిషిని పది రోజులు, అంతకు మించి నిర్బంధిస్తే ఐదేళ్ల వరకు. మోసం చేసి, బెదిరించి పనికి తెచ్చి దోపిడీ చేశారని తేలితే మనుషుల అక్రమ రవాణా కింద ఏడేళ్లకు తక్కువ కాదు. గేటుకు తాళం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేశారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉండేది, ఆ రోజుల్లో అక్క ఎవరికి ఫోన్ చేసింది, ఫోన్ ఎప్పుడు గుంజుకున్నారు, ఇవన్నీ తేదీలతో రావాలి. జీతం బ్యాంకులో పడేదా చేతికిచ్చేవారా, ఆగిన నెల ఏది అనేది కూడా. మీరు అడిగిన ఎక్స్‌ట్రడిషన్ మొత్తం ఈ తేదీల మీదే నిలబడుతుంది. ఎట్లనో చెబుతా.

నేరస్థుల అప్పగింత అంటే పోలీసులు పోయి పట్టుకొచ్చేది కాదు. మన దేశం ఇంకో దేశాన్ని అడగడం, ఆ దేశం తన చట్టం ప్రకారం ఇవ్వాలో వద్దో తేల్చుకోవడం. మన దగ్గర దీనికి 1962 చట్టం ఉంది, చాలా దేశాలతో విడివిడి ఒప్పందాలు ఉన్నాయి. ముందు ఇక్కడ చార్జిషీట్ పడాలి, కోర్టు నాన్ బెయిలబుల్ వారంట్ ఇవ్వాలి. ఆ తర్వాత దర్యాప్తు సంస్థ సాక్ష్యాలు, సెక్షన్లు, ఆయన ఎవరో గుర్తుపట్టే వివరాలు అన్నీ జతచేసి ఒక కట్ట తయారు చేస్తుంది. అది ప్రభుత్వం ద్వారా విదేశాంగ శాఖకు, అక్కడి నుంచి ఆ దేశానికి వెళుతుంది. అక్కడి కోర్టు చూసే మొదటి సంగతి, ఇదే పని తమ దేశంలోనూ నేరమేనా, శిక్ష కనీసం ఏడాదికి తగ్గకుండా ఉందా అని. అమెరికాతో మన ఒప్పందంలో అయితే ఏడాదికి మించిన శిక్ష పడే నేరం కావాలి. చెంపదెబ్బ లాంటి చిన్న కేసు చాలాసార్లు ఈ గేటు దగ్గరే ఆగిపోతుంది. జీతం ఎగవేత చాలా దేశాల్లో అసలు నేరమే కాదు, సివిల్ తగాదా. నిర్బంధం, అక్రమ రవాణా దాదాపు అన్నిచోట్లా పెద్ద నేరాలు. అందుకే ఆ తాళం తేదీల గురించి అంతగా చెప్పింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఏ సెక్షన్లు పెట్టి అడిగామో వాటి మీదే విచారించాలి, మనిషి వచ్చాక కొత్తవి కలపకూడదు. ముంబై బాంబు పేలుళ్ల కేసు నిందితుడు అబూ సలేం సంగతి తెలిసిందే. 2002లో లిస్బన్‌లో దొరికాడు. ఉరి వేయం, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచం అని మన ప్రభుత్వం మాటిచ్చాక 2005లో పోర్చుగల్ అప్పగించింది. తర్వాత ఇక్కడ అదనపు సెక్షన్లు పెట్టారని, షరతులు ఉల్లంఘించారని పోర్చుగల్ కోర్టులు తప్పుపట్టాయి. 2022లో మన సుప్రీంకోర్టు ఆ 25 ఏళ్ల మాట నిలబెట్టాల్సిందేనని కేంద్రానికి గుర్తు చేసింది. బాంబు పేలుళ్ల కేసులోనే అంత పట్టింపు ఉంటే మన కేసులో ఎంత ఉంటుందో ఆలోచించండి. ఇప్పుడు ఎఫ్ఐఆర్‌లో వదిలేసిన సంగతిని తర్వాత చూద్దాంలే అనుకుంటే అది పోయినట్టే.

ఇక అసలు గోడ. ఆయన వెళ్లేది తన సొంత దేశానికి. చాలా దేశాలు తమ పౌరుణ్ని ఇంకో దేశానికి అప్పగించవు. కొన్నింటికి రాజ్యాంగంలోనే ఆ మాట ఉంటుంది, కొన్నింటికి ఒప్పందంలో. యుఏఈతో 1999లో మనం చేసుకున్న ఒప్పందంలో కూడా తమ పౌరుల్ని ఇవ్వరు, బదులుగా కేసును తమ దగ్గరే విచారణకు పంపాలి. అమెరికా ఒప్పందం దీనికి వేరు, పౌరుడన్న కారణంతో కాదనకూడదని అందులో ఉంది. ఆయనది ఏ దేశమో మీరు రాయలేదు. కాబట్టి నిజాయితీగా చెబుతున్నా, ఆయన సొంత దేశంలో కూర్చుంటే ఢిల్లీ కోర్టు బోనులో చూడటం కష్టమే. ఆయన్ని అక్కడే విచారించమని విదేశాంగ శాఖ ద్వారా అడగడమే అప్పుడు మిగిలే దారి. వియన్నా ఒప్పందమే చెబుతుంది, ఇక్కడ రక్షణ ఉందంటే సొంత దేశపు కోర్టు నుంచి రక్షణ ఉందని కాదు అని. ఇంకో దేశానికి మళ్లీ దౌత్యవేత్తగా వెళితే అక్కడ కొత్త రక్షణ వస్తుంది, ఆ దేశం కూడా అప్పగించలేదు. ఉద్యోగం మానేసి మూడో దేశంలో మామూలు మనిషిగా తిరిగితే మాత్రం దారి తెరుచుకుంటుంది. ఇండియాకు టూరిస్టుగా వచ్చినా సరే, వారంట్, లుకౌట్ సర్క్యులర్ ఉంటే ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు.

రెడ్ నోటీసు అని చాలామంది సలహా ఇస్తారు. అది సీబీఐ ద్వారా ఇంటర్‌పోల్‌కు వెళ్లే విన్నపం. ఫలానా మనిషి కావాలని దేశాలకు తెలియజేస్తుంది, అంతే. దాన్ని చూసి అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆ దేశపు చట్టం. దాని కోసమే డబ్బులు అడిగేవాళ్లు ఎవరైనా తగిలితే దూరంగా ఉండండి.

వెళ్లిపోకముందు తీసే దారి ఇంకొకటి ఉంది. అందరూ దాన్ని చివరికి నెడతారు, నేనైతే మొదటి వారమే మొదలుపెడతాను. రక్షణ ఆ మనిషిది కాదు, ఆయన దేశానిది. ఆ దేశం కావాలంటే వదులుకోవచ్చు, ఆయన ఒప్పుకోకపోయినా సరే. 1997లో వాషింగ్టన్‌లో జార్జియా దేశపు దౌత్యవేత్త తాగి కారు నడిపి ఒక పదహారేళ్ల అమ్మాయి చావుకు కారణమయ్యాడు. జార్జియా ఇమ్యూనిటీ వదులుకుంది, ఆయన అమెరికాలోనే జైలుకు వెళ్లాడు. పనిమనిషి జీతం విషయంలో ఏ దేశమూ అంత దూరం పోదు, అది మనకూ తెలుసు. కానీ అడిగిన మాట ఫైల్లో పడుతుంది. విదేశాంగ శాఖ నుంచి ఎంబసీకి ఉత్తరం వెళ్లిందంటే, బదిలీ ముందు తన ఆఫీసరు పేరు మీద గొడవ ఉండటం ఏ రాయబారికీ ఇష్టం ఉండదు. మా దేవరకొండ ఆయన కేసు చివరికి అట్లాగే తెగింది. కోర్టు ఇవ్వలేని జీతాన్ని ఎంబసీ తమ అకౌంటు నుంచి కట్టించింది, కొంచెం కోత పెట్టి.

ఆ ఉత్తరం ప్రోటోకాల్ విభాగానికి రాయాలి. ఇంగ్లిషులో ఒక పేజీ చాలు. ఎంబసీ పేరు, ఆఫీసరు పేరు, కారు నంబరు, అక్క పనిచేసిన తేదీలు, రావాల్సిన జీతం లెక్క, దెబ్బల గురించి ఆసుపత్రి కాగితం, ఎఫ్ఐఆర్ కాపీ. చివర్లో మూడు మాటలు అడగండి. ఆయన హోదా ఏమిటో తెలపాలని, ఆ దేశాన్ని రక్షణ వదులుకోమని కోరాలని, వెళ్లేలోపు జీతం కట్టించాలని. ఉత్తరం ఎంబసీ గేటు దగ్గరికి నేనిచ్చినట్టు మీరు ఇవ్వకండి. ఎంబసీకి చేరాల్సింది విదేశాంగ శాఖే చేరుస్తుంది. రాయబారి మీద గానీ, ప్రభుత్వం పేర్కొన్న ఆయన సిబ్బంది మీద గానీ దావా వేయాలన్నా కేంద్రం అనుమతి కావాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ చెబుతుంది. నా కాగితాలు వాపసు వచ్చింది అందుకే.

గడువు గురించి టెన్షన్ పడకండి. జీతం దావాకు మూడేళ్లు ఉంటుంది. అనుమతి కోసం ఎదురుచూసిన కాలం, ప్రతివాది ఇండియాలో లేని కాలం ఆ మూడేళ్లలో లెక్కకు రాదు. క్రిమినల్ కేసుల గడువులో కూడా నిందితుడు దేశం బయట ఉన్న రోజులు తీసేస్తారు. ఆయన ఐదేళ్లు బయట ఉండి వచ్చినా గడువు దాటిందనడానికి వీలుండదు. వకీలు ఫీజు గురించి కూడా అప్పు చేయకండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. నల్లగొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే ఢిల్లీ సంస్థకు రాసి అక్కడ వకీలును పెట్టిస్తారు.

అక్క ఆ ఇంటికి సామాను కోసం మళ్లీ వెళ్తానంటుందేమో, ఒంటరిగా పంపకండి. లోపలికి వెళ్లాక పోలీసులు ఆ గేటు దాటలేరు. ఆమె ఆధార్, పాస్‌పోర్టు అక్కడే ఉంటే అది కూడా ఆ ఉత్తరంలోనే అడగండి. రేపు పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి దెబ్బలు రాయించండి, వారం దాటితే కమిలిన మచ్చలు మిగలవు. ఆయన దేశం పేరు, కారు ప్లేటు, బదిలీ తేదీ దొరికాక ఇక్కడ కింద రాయండి. ఆ దేశంతో మన ఒప్పందంలో సొంత పౌరుల గురించి ఏముందో చూసి, ఉత్తరం ముసాయిదా నేనే రాసిస్తా.